ఆనెకాయ వేరు ఎంత లోతులో ఉంటుంది? బ్లేడుతో ఎంతవరకు తీయొచ్చు?

వేణు | మంగళవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నాకు కుడి కాలి చిటికెన వేలి మీద ఒక ఆనెకాయ ఉంది. అదే పాదం అడుగున, రెండో వేలి మొదట్లో ఇంకొకటి. నాది రోజుకి ఎనిమిది గంటలు నిలబడి చేసే ఉద్యోగం, పైగా ముందు భాగం బిగుతుగా ఉండే నల్ల బూట్లే వేసుకోవాలి.

రెండేళ్లుగా పదిహేను రోజులకొకసారి వేడినీళ్లలో కాలు నానబెట్టి, కొత్త షేవింగ్ బ్లేడుతో పొరలు పొరలుగా తీసేస్తున్నాను. తీసిన రోజు ప్రాణానికి హాయిగా ఉంటుంది. పది రోజులు తిరిగేసరికి మళ్లీ చెప్పులో రాయి పడ్డట్టే.

వేరు ఉండిపోవడం వల్లే మళ్లీ వస్తోందని ఇంట్లో అందరూ అంటారు. అందుకే మొన్న ఆదివారం అరికాలిది కాస్త లోపలికి వెళ్లి చూశాను. మధ్యలో అగ్గిపుల్ల తలకంటే చిన్నగా, గాజులా మెరిసే చుక్క కనిపించింది. అదే వేరు అనుకుని బ్లేడు మూలతో తవ్వాను. రక్తం వచ్చింది, పావుగంట ఆగలేదు. వేరు మాత్రం తేలలేదు.

అసలు ఎంత లోతులో ఉంటుంది? ఎక్కడ ఆపాలో తెలిసే గుర్తు ఏమైనా ఉందా?

---

రాఘవరావు | మంగళవారం, రాత్రి 9:40

వేణు గారూ, బ్లేడు వద్దు. అది పైపైన తీస్తుందే కానీ వేరుని తీయలేదు. మందుల షాపుల్లో ఆనెకాయ ప్లాస్టర్లు దొరుకుతాయి, మధ్యలో చిన్న మందు బిళ్ల ఉంటుంది. రాత్రి అంటించి, రెండు రోజులకొకటి మారుస్తూ వారం పాటు ఉంచండి. చర్మం తెల్లగా మెత్తబడి, ముద్ద మొత్తం వేరుతో సహా ఊడి వస్తుంది. నాకు అలాగే మేకు మొనలాంటిది బయటికి వచ్చింది, అక్కడ చిన్న గుంట కూడా పడింది. అది కళ్లారా చూశాను కాబట్టి చెబుతున్నాను. వేరు ఉంటుంది, అది రావాలి.

---

కమల (నర్సు) | మంగళవారం, రాత్రి 10:25

వేణు గారూ, ముందు ఒక్క మాట చెప్పండి. ఆదివారం కోసిన చోటు ఇప్పుడు ఎలా ఉంది? చుట్టూ ఎరుపు పెరుగుతోందా, ముట్టుకుంటే మిగతా పాదం కంటే వేడిగా ఉందా, చీము గానీ వాసన గానీ ఉందా? మీకు షుగర్ ఉందా, రక్తం పలచబడే మందులు ఏమైనా వాడుతున్నారా? ధనుర్వాతం ఇంజెక్షన్ చివరిసారి ఎప్పుడు చేయించుకున్నారు?

పాదాల పుండ్లకు డ్రెస్సింగ్ చేసే విభాగంలో 17 ఏళ్లుగా పనిచేస్తున్నాను. మా దగ్గరకి వచ్చే పుండ్లలో కొన్ని సరిగ్గా ఇలాగే మొదలయ్యాయి, అందుకే ఇన్ని అడుగుతున్నాను.

ఇక వేరు సంగతి. ఆనెకాయకి వేరు లేదు. మొక్కకి వేరు లోపలి నుంచి పైకి తోస్తుంది. ఆనెకాయ దానికి తిరగబడ్డ వ్యవహారం: బయటి ఒత్తిడి చర్మాన్ని లోపలికి నొక్కుతుంది.

ఎలాగంటే, చర్మం అడుగు పొరలో కొత్త కణాలు నిరంతరం పుడుతూ పైకి వస్తుంటాయి. పైకి వచ్చేసరికి అవి చచ్చి, గట్టి రేకుల్లా మారి, కొన్ని వారాల్లో రాలిపోతాయి. ఒకే చోట రోజూ రాపిడి జరిగితే చర్మం తనని కాపాడుకోవడానికి కణాలను త్వరత్వరగా పుట్టిస్తుంది, రేకులు రాలకుండా ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఆ ఒత్తిడి వెడల్పుగా పడితే తట్టు కట్టినట్టు చదునుగా కాయ కాస్తుంది. అదే ఒత్తిడి ఒక చిన్న చుక్క మీద, లోపల ఎముక బొడిపె, బయట బూటు అంచు మధ్య నలిగితే, ఆ చచ్చిన రేకులు మేకు మొనలా లోపలికి దిగుతాయి. మీరు చూసిన గాజు చుక్క ఆ మొనే. అది చచ్చిన చర్మమే కాబట్టి దానికి నొప్పి లేదు. దాని కింద నలుగుతున్న బతికిన చర్మానికే నొప్పి.

అందుకే మీరు అడిగిన లోతుకి జవాబు లేదు. మొన అయిపోగానే బతికిన చర్మం మొదలవుతుంది. మధ్యలో గీత గీసినట్టు సరిహద్దు ఏమీ ఉండదు. పైగా మీరు నానబెట్టి కోస్తున్నారు. నానిన చర్మం చచ్చినదీ బతికినదీ ఒకే తెలుపులో, ఒకే మెత్తదనంలో ఉంటుంది. మేము నానబెట్టం. స్పిరిట్ దూదితో తుడిచి, పొడిగా ఉన్నప్పుడే శుద్ధి చేసిన సర్జికల్ బ్లేడుని చర్మానికి దాదాపు సమాంతరంగా పట్టుకుని, కాగితంలాంటి పలచటి పొరలు తీస్తాం. పొరపొరకీ రంగు చూస్తాం. గులాబీ రంగు కనిపించకముందే ఆగిపోతాం. మన అరికాలిని మనమే వంగి చూస్తూ, ఒక చేత్తో పాదం పట్టుకుని అలా చేయడం కుదరదు.

---

వేణు | మంగళవారం, రాత్రి 10:51

వెంటనే జవాబిచ్చినందుకు ధన్యవాదాలు కమల గారూ. షుగర్ లేదు, పోయిన సంవత్సరమే పరీక్ష చేయించాను. మందులేవీ వాడను. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నానో గుర్తే లేదు, పదేళ్లు దాటి ఉంటుంది. కోసిన చోట చుట్టూ అర్ధ రూపాయి బిళ్లంత ఎరుపు ఉంది. నిన్నటికీ ఇవాళ్టికీ పెరిగిందో లేదో సరిగ్గా చెప్పలేను. అడుగేస్తే సలుపుతోంది.

---

కమల (నర్సు) | మంగళవారం, రాత్రి 11:02

ఇప్పుడే బాల్‌పెన్ తీసుకుని ఎరుపు అంచు వెంట గీత గీయండి, పక్కన టైమ్ రాయండి. ఎరుపు గీత దాటినా, సలుపు పెరిగినా, జ్వరం వచ్చినా, పాదం మీద నుంచి పైకి ఎర్రటి చార కనిపించినా ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లండి. ఏమీ పెరగకపోయినా రేపు ఉదయం డాక్టరుకి చూపించి ధనుర్వాతం ఇంజెక్షన్ విషయం అడగండి. అంతవరకు సబ్బు నీళ్లతో కడిగి, తుడిచి, శుభ్రమైన గాజు గుడ్డ కట్టండి. ఆ చోట ఇంకేమీ రాయొద్దు, ప్లాస్టర్ అసలే వద్దు.

---

రాఘవరావు | బుధవారం, ఉదయం 6:30

కమల గారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే అడుగుతున్నాను. వేరు లేకపోతే నాకు ఊడి వచ్చిన ఆ మొన ఏమిటి? ప్లాస్టర్ పనిచేయదంటే ఒప్పుకోలేను. ఆరు నెలలైంది, మళ్లీ రాలేదు.

---

కమల (నర్సు) | బుధవారం, మధ్యాహ్నం 1:45

రాఘవరావు గారూ, మీకు ఊడి వచ్చింది నిజమే, ఆ మొనే అది. దాన్ని వేరు అనడంలోనే నా అభ్యంతరం. వేరు అనుకోగానే ఎవరైనా ఇంకా లోపలికి తవ్వుతారు, వేణు గారు చేసింది అదే. ఆ ఆరు నెలల్లో మీరు చెప్పులు మార్చారా, నడక తగ్గిందా?

ప్లాస్టర్ పనిచేయదని నేను అనలేదు. అందులో ఉండేది సాలిసిలిక్ ఆసిడ్, ఈ బిళ్లల్లో సాధారణంగా 40 శాతం ఉంటుంది. చచ్చిన రేకుల మధ్య జిగురుని అది కరిగిస్తుంది. షుగర్ లేకుండా, రక్తప్రసరణ, స్పర్శ బాగున్న మనిషి బిళ్లని సరిగ్గా ఆనెకాయ మేరకే అంటించుకుంటే చాలామందికి ఉపశమనం ఇస్తుంది. కానీ ఏది చచ్చిన చర్మమో ఏది బతికినదో దానికి తెలియదు. నడుస్తుంటే, చెమటకి, బిళ్ల రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకి జరుగుతుంది. అక్కడి మంచి చర్మాన్ని కూడా అంతే శ్రద్ధగా కరిగిస్తుంది. తెల్లబడి, కింద పచ్చిగా అయిపోయిన పాదాలు చాలా చూశాను. వేణు గారికి అక్కడ ఇప్పటికే గాయం ఉంది కాబట్టి ఆసిడ్ నేరుగా పచ్చి మాంసం మీద పడుతుంది.

---

రాఘవరావు | బుధవారం, సాయంత్రం 5:10

మీరు అడిగాక ఆలోచించాను. ఆ ప్లాస్టర్ వేసిన నెలలోనే నేను రిటైరయ్యాను. బూట్లు వేసుకోవడం మానేశాను, ఇంట్లో మెత్తటి చెప్పులే. ఆ రెండింటినీ ఎప్పుడూ కలిపి చూడలేదు. అయినా ప్లాస్టర్ వల్ల త్వరగా ఊడిందన్నది మాత్రం నా నమ్మకం.

---

కిరణ్ | బుధవారం, రాత్రి 8:20

నాకూ ఇదే సమస్య. వ్యాయామశాలలో ఇనుప కడ్డీ పట్టుకుని వేలాడటం వల్ల రెండు అరచేతుల్లో వేళ్ల మొదట్లో కాయలు కాశాయి. నేను గోళ్లు కత్తిరించే కటర్‌తో తీసేస్తుంటాను. పోయినవారం ఒకటి తీశాక, మరుసటి రోజు కడ్డీ పట్టుకోగానే ఆ చోట చర్మం చిరిగి లేచిపోయింది. మొత్తం తీసేస్తే మంచిదా, వదిలేస్తే మంచిదా?

---

కమల (నర్సు) | బుధవారం, రాత్రి 9:05

కిరణ్, మీవి ఆనెకాయలు కావు, చదునుగా కాసిన కాయలు. వాటికి మొన ఉండదు. నొప్పి లేకపోతే అవి మీ చేతికి తొడుగులాంటివి. మొత్తం తీసేస్తే కింద లేత చర్మం బయటపడుతుంది, కడ్డీ రాపిడికి అది చిరుగుతుంది, మీకు జరిగింది అదే. మరీ ఎత్తుగా పెరిగినా అంచు తగులుకుని లేచిపోతుంది. స్నానం అయ్యాక ఆకురాయి లాంటి గరుకు రాయితో పదిసార్లు మెల్లగా రుద్ది, చుట్టూ ఉన్న చర్మంతో సమానంగా ఉంచండి. కటర్ వద్దు.

---

సుజాత | గురువారం, ఉదయం 7:15

ఇక్కడ చదివాక అడగాలనిపించింది. మా అమ్మకి 66 ఏళ్లు, షుగర్ వచ్చి 15 ఏళ్లయింది. ఎడమ అరికాలిలో బొటనవేలి మొదట్లో పెద్ద కాయ ఉంది. నెలకోసారి తనే బ్లేడుతో తీసుకుంటుంది. కమల గారు నొప్పి, పచ్చి చర్మం అంటున్నారు కానీ అమ్మకి కోసేటప్పుడు అసలు నొప్పే ఉండదు. ఒకసారి రక్తం వచ్చినా తనకి తెలియలేదు, గచ్చు మీద మరక చూసి నేనే చెప్పాను. అంటే అమ్మ కాయ బాగా మందంగా ఉంది కాబట్టి తను ధైర్యంగా కోసుకోవచ్చు కదా? ఆవిడకి కంటిచూపు కాస్త తగ్గింది, అందుకే ఇకనుంచి నేను తీద్దామనుకుంటున్నాను. ఎలా తీయాలో చెప్పగలరా?

---

కమల (నర్సు) | గురువారం, ఉదయం 7:40

సుజాత గారూ, దయచేసి ఇవాళ అమ్మగారి పాదానికి బ్లేడు తగలనివ్వకండి. మీరు ధైర్యం అనుకుంటున్న విషయమే నన్ను భయపెడుతోంది. రక్తం వచ్చేంత లోతు తెగినా తెలియలేదంటే కాయ మందంగా ఉందని కాదు అర్థం, పాదంలో స్పర్శ పోయిందని.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేయండి. అమ్మగారిని పడుకోబెట్టి కళ్లు మూసుకోమనండి. రెండు కాళ్లకీ బొటనవేలు, మధ్యవేలు, చిటికెన వేలు, మొత్తం ఆరు వేళ్ల కొసల మీద మీ చూపుడు వేలి కొసని ఒక్కొక్కటిగా, ఒకటి రెండు సెకన్లు మాత్రమే ఆనించండి. నొక్కొద్దు, నిమరొద్దు, గుచ్చొద్దు. తగిలినప్పుడల్లా కుడి, ఎడమ అని చెప్పమనండి. చెప్పకపోతే ఆ వేలికి రెండోసారి ప్రయత్నించొద్దు. ఆరింటిలో రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే.

తర్వాత వెలుతురులో ఆ కాయని చూడండి. లోపల ముదురు ఎరుపు, గోధుమ, నలుపు రంగు మచ్చ ఏదైనా కనిపిస్తోందా? అంచు దగ్గర తడి ఉందా? వేసుకున్న మేజోడుకి మరక, వాసన ఉన్నాయా?

---

సుజాత | గురువారం, ఉదయం 9:30

చేశాను. ఆరింటిలో అమ్మ రెండే చెప్పగలిగింది. ఎడమ కాలికి ఒక్కటీ తెలియలేదు. కాయ మధ్యలో పెన్ సిరా ఇంకినట్టు ముదురు మచ్చ ఉంది. నేను ఎన్నాళ్లనుంచో అది మురికి అనుకుంటున్నాను. ఇప్పుడు చాలా టెన్షన్‌గా ఉంది.

---

కమల (నర్సు) | గురువారం, ఉదయం 9:38

ఆ మచ్చ కాయ కింద జరిగిన రక్తస్రావం అయ్యే అవకాశం ఎక్కువ. కాయ అనేది ఒక గట్టి బిళ్ల. ఒత్తిడి వల్లే పుట్టినా, పుట్టాక అదే కింది చర్మాన్ని ఇంకా ఎక్కువ నలుపుతుంది. స్పర్శ ఉన్న మనిషి కుంటుతూ నడిచి ఆ చోటుని తప్పిస్తాడు. స్పర్శ లేని మనిషి నేరుగా దాని మీదే వేల అడుగులు వేస్తాడు. కింద చర్మం నలిగి చితికిపోతుంది, పైన కాయ మూతలా కప్పి ఉంటుంది కాబట్టి బయటికి ఏమీ తెలియదు. కాయ తీయాల్సిందే, నేను కాదనను. కానీ తీసేది రక్తప్రసరణ చూసి, తీశాక కింద పుండు ఉంటే వెంటనే వైద్యం చేయగలిగిన చోట జరగాలి.

ఇవాళే షుగర్ పాదాలు చూసే డాక్టరుకి గానీ సర్జన్‌కి గానీ చూపించండి. వెళ్లేలోపు నడక వీలైనంత తగ్గించండి. వేడినీళ్లలో నానబెట్టొద్దు. స్పర్శ లేని కాలికి నీళ్ల వేడి కూడా తెలియదు.

---

భాస్కర్ | గురువారం, మధ్యాహ్నం 2:00

నాకు మడమ మీద ఒక ఆనెకాయ ఉండేది. ఏడాది పాటు నేనూ బ్లేడుతోనే తీశాను. తీసినప్పుడల్లా సూదితో గుచ్చినట్టు నాలుగైదు చోట్ల చుక్కలు చుక్కలుగా రక్తం వచ్చేది. తర్వాత దాని పక్కనే ఇంకో నాలుగు పుట్టాయి. చర్మ డాక్టరుకి చూపిస్తే అసలు అది ఆనెకాయే కాదు, పులిపిరి అన్నారు. వైరస్ వల్ల వస్తుందట. నేను ఒకే బ్లేడుతో గీకుతూ నా పాదం మీద నేనే పాకించుకున్నాను. వేణు గారిది కూడా అదే కాదని ఎలా చెప్పగలం?

---

కమల (నర్సు) | గురువారం, రాత్రి 8:50

మంచి ప్రశ్న. ఫోటో చూసినా నేను కచ్చితంగా చెప్పలేను కానీ, తేడా తెలిసే మార్గాలు కొన్ని ఉన్నాయి. అరికాలి మీద వేలిముద్రల్లాంటి గీతలుంటాయి కదా. ఆనెకాయ మీద ఆ గీతలు ఆగకుండా సాగిపోతాయి. పులిపిరి దగ్గర ఆగి, పక్కకి తిరిగి వెళ్తాయి. పులిపిరిలో నల్లటి చుక్కలు కనిపిస్తాయి, అవి గడ్డకట్టిన సన్నటి రక్తనాళాలు. ఇక నొప్పి సంగతి. నేరుగా పైనుంచి నొక్కితే ఆనెకాయ ఎక్కువ నొప్పెడుతుంది, రెండు వేళ్లతో పక్కల నుంచి గిల్లినట్టు పడితే పులిపిరి ఎక్కువ నొప్పెడుతుంది. ఇవన్నీ ప్రతిసారీ సరిగ్గా కుదరవు. బాగా కోసి, గీతలు చెరిగిపోయిన చోట మాకే ఒక్కోసారి అనుమానం వస్తుంది.

---

ఇస్మాయిల్ (చెప్పుల తయారీ) | శుక్రవారం, ఉదయం 10:10

నేను చెప్పులు, లోపలి అట్టలు తయారుచేస్తాను. వైద్యం గురించి మాట్లాడను, బూటు గురించి చెబుతాను.

వేణు గారూ, సాయంత్రం పూట, రోజంతా నిలబడి పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, ఒక తెల్ల కాగితం మీద బరువంతా వేసి నిలబడండి. ఇంకెవరితోనైనా పెన్సిల్‌ని నిటారుగా పట్టుకుని పాదం చుట్టూ గీత గీయించండి. ఆ బొమ్మ మీద మీ బూటు పెట్టి దాని చుట్టూ ఇంకో రంగుతో గీయండి. బూటు గీత పాదం గీతకంటే లోపల ఎక్కడ పడిందో, దాదాపు అక్కడే మీ ఆనెకాయ ఉంటుంది. తర్వాత బూటు లోపల చెయ్యి పెట్టి, చిటికెన వేలు ఉండే చోట కుట్టు ఉబ్బుగా తగులుతుందేమో తడమండి.

పొడవు కూడా చూడండి. నిలబడినప్పుడు అన్నిటికంటే పొడుగు వేలికి ముందు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. మరీ వదులైనా మంచిది కాదు, పాదం ముందుకీ వెనక్కీ జారి అదే రాపిడి చేస్తుంది.

అరికాలిదానికి బూటు వెడల్పు ఒక్కటే సరిపోదు. మడమ ఎత్తు చూడాలి. మడమ లేచినకొద్దీ బరువంతా వేళ్ల మొదళ్ల మీదకి వస్తుంది. ఆనెకాయ చుట్టూ గుండ్రటి ఉంగరంలాంటి ఫెల్ట్ ప్యాడ్ అంటించండి, నొప్పి వెంటనే తగ్గుతుంది.

---

కమల (నర్సు) | శుక్రవారం, మధ్యాహ్నం 1:30

ఇస్మాయిల్ గారూ, కాగితం పద్ధతి చాలా బాగుంది, నేను కూడా చెబుతాను ఇకనుంచి. ఉంగరం ప్యాడ్ మీద మాత్రం నాకు అనుమానం. గుండ్రంగా మూసి ఉన్న ప్యాడ్ వేస్తే పాదంలోని మెత్తటి భాగం రంధ్రంలోకి ఉబ్బుతుంది, అంచుల దగ్గర కొత్త ఒత్తిడి పుడుతుంది. నేను గుర్రపు లాడంలా ఒకవైపు తెరిచి ఉన్న ఆకారం కత్తిరించి, అది కూడా చర్మానికి కాకుండా బూటు లోపలి అట్టకి అంటించమంటాను.

---

ఇస్మాయిల్ (చెప్పుల తయారీ) | శుక్రవారం, సాయంత్రం 4:45

లాడం ఆకారం కూడా చేస్తాను మేడమ్. కానీ నడుస్తుంటే పాదం బూటులో కదులుతుంది, అట్టకి అంటించిన ప్యాడ్ సరిగ్గా ఆ చోటుకి రాదు. చర్మానికి అంటించినది పాదంతో పాటే కదులుతుంది. నా దగ్గరకి వచ్చేవాళ్లలో కొందరికి ఉంగరమే సుఖంగా ఉంది. షుగర్ ఉన్నవాళ్లకి మాత్రం చర్మం మీద ఏదీ అంటించను.

---

వేణు | శనివారం, రాత్రి 9:00

బుధవారం ఉదయానికే ఎరుపు గీత దాటి చిటికెన వేలి వైపు పాకింది. వెంటనే వెళ్లాను. చిన్న కోత పెట్టి చీము తీశారు, ఇంజెక్షన్ వేశారు, ఏడు రోజులు యాంటీబయాటిక్ రాశారు. బ్లేడు కొత్తదే కదా అని డాక్టరుని అడిగాను. బ్లేడు శుభ్రంగానే ఉండొచ్చు, మీ చర్మం మీద ఉన్న సూక్ష్మజీవులను అదే లోపలికి మోసుకెళ్లింది అన్నారు. పైన గట్టి చర్మం వెంటనే మూసుకుపోవడంతో చీముకి బయటికి దారి లేకుండా పోయిందట.

ఇంకో మాట కూడా చెప్పారు, అది నాకు కొత్తది. అరికాలిలో లోతుగా తెగితే మచ్చ కడుతుంది. మచ్చ చర్మం గట్టిది, సాగదు. బరువు మోసే చోట ఆ మచ్చే శాశ్వతంగా ఒక రాయిలా ఉండిపోతుంది, దాని మీద మళ్లీ కాయ కాస్తుంది. రెండేళ్లుగా నేను తవ్వినదాంట్లో ఇప్పుడు ఆనెకాయ ఎంతో మచ్చ ఎంతో తెలియదు అన్నారు.

ఇస్మాయిల్ గారు చెప్పినట్టు కాగితం మీద గీశాను. వేళ్ల దగ్గర నా పాదం వెడల్పు 104 మిల్లీమీటర్లు, బూటు బయటి కొలతే 92. చిటికెన వేలు పూర్తిగా గీత బయట ఉంది.

---

సుజాత | సోమవారం, రాత్రి 8:10

అమ్మని గురువారమే తీసుకెళ్లాను. డాక్టరు ముందు రెండు పాదాల మీదా చీలమండ వెనకా వేళ్లతో నాడి చూశారు, బాగానే కొడుతోందన్నారు. తర్వాత కాయని పొరలుగా తీశారు. అమ్మ నాతో మాట్లాడుతూనే ఉంది, కొంచెం కూడా నొప్పి తెలియలేదు. నాలుగైదు పొరలు తీయగానే కింద నుంచి పాత రక్తం, కొంచెం చీము వచ్చాయి. మొత్తం తీశాక 8 మిల్లీమీటర్ల పుండు కనిపించింది. ఎన్ని వారాల నుంచి ఉందో ఎవరూ చెప్పలేరన్నారు.

మొద్దు మొన ఉన్న సన్నటి లోహపు పుల్లతో పుండు లోపల తాకి చూశారు, ఎముక తగల్లేదు. ఎక్స్‌రేలో కూడా ఎముకకి ఏమీ కాలేదు. మోకాలి కింద వరకు వచ్చే, ఇంట్లో విప్పడానికి వీల్లేని బూటు లాంటిది కట్టారు. విప్పగలిగేదైతే రాత్రి లేచినప్పుడు నాలుగడుగులే కదా అని తీసేసి నడుస్తారు, పుండు మానదు అన్నారు. వారం వారం వెళ్లాలి.

నిజం చెప్పాలంటే మొదటి రోజు కమల గారి జవాబు చూసి కాస్త నొచ్చుకున్నాను, ఎలా తీయాలో అడిగితే తీయొద్దంటారేమిటి అని. ఆ రోజు నేనే బ్లేడు పట్టుకుని ఉంటే ఆ పుండులోకే కోసి ఉండేదాన్ని.

---

కమల (నర్సు) | సోమవారం, రాత్రి 9:20

ఎముకకి చేరకముందే చూపించారు సుజాత గారూ, నాకు చాలా ఊరటగా ఉంది. ఎడమ కాలు బూటులో ఉన్నన్నాళ్లూ అమ్మగారు కుడి కాలి మీద ఎక్కువ బరువు వేస్తారు. కుడి అరికాలిని రోజూ రాత్రి మీరే చూడండి. పుండు మానాక కూడా ఆ చోట కాయ మళ్లీ వస్తుంది, నాలుగు నుంచి ఎనిమిది వారాలకొకసారి తీయించుకోవాల్సి రావచ్చు. లోపలి అట్ట ఆవిడ పాదానికి తగ్గట్టు చేయించాలి.

---

రాఘవరావు | సోమవారం, రాత్రి 10:00

సుజాత గారి పోస్టు చదివాక మా అన్నయ్యకి ఫోన్ చేశాను. ఆయనకి షుగర్ ఉంది, ప్లాస్టర్ల గురించి చెప్పింది నేనే. ప్యాకెట్ తీసి చదవమన్నాను. మధుమేహం ఉన్నవారు వాడరాదని చిన్న అక్షరాల్లో ఉంది. ఆపించాను.

---

వేణు | ఆరు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 6:15

అడిగినవారి కోసం రాస్తున్నాను. గాయం మానింది. వెడల్పు ముందు భాగం, తక్కువ మడమ ఉన్న బూట్లు కొన్నాను. ఉద్యోగంలో మొదట అభ్యంతరం చెప్పారు, డాక్టరు చీటీ చూపించాక ఒప్పుకున్నారు. చిటికెన వేలికి సిలికాన్ తొడుగు పెట్టుకుంటున్నాను. రోజూ రాత్రి 25 శాతం యూరియా క్రీము, వారానికి రెండుసార్లు స్నానం తర్వాత గరుకు రాయితో కాసేపు రుద్దడం, అంతే. బ్లేడు ముట్టుకోలేదు. వేలి మీది ఆనెకాయ సగానికి పైగా తగ్గింది, వేలితో తడిమితేనే తెలుస్తోంది.

అరికాలిది మాత్రం అలాగే ఉంది. నొప్పి కొంత తగ్గింది కానీ బిళ్ల పోలేదు. ఉంగరం ప్యాడ్, లాడం ప్యాడ్ రెండూ చెరో రెండు వారాలు వాడి చూశాను. నిలబడినప్పుడు లాడం బాగుంది, నడిచినప్పుడు ఉంగరం బాగుంది. ఎక్స్‌రే తీసి, నా రెండో వేలి వెనకున్న పొడుగు ఎముక పక్కవాటికంటే పొడవుగా ఉందన్నారు. బరువంతా దాని తల మీదే పడుతోందట. ఆపరేషన్ మాట ఇప్పుడే వద్దు, ముందు ఆ చోట గుంట చేసిన లోపలి అట్ట మూడు నెలలు వాడి చూద్దాం అన్నారు. ఆ గట్టితనం మచ్చదా, ఆనెకాయదా అన్నది కూడా అప్పుడే తేలుతుందన్నారు. అట్ట వచ్చే గురువారం చేతికొస్తుంది.

ఇస్మాయిల్ గారూ, అట్టలో ఆ గుంట ఎంత లోతు ఉండాలి, అంచులు వాలుగా ఉండాలా?

---

ఇస్మాయిల్ (చెప్పుల తయారీ) | ఆదివారం, రాత్రి 7:50

అంచులు వాలుగానే ఉండాలి వేణు గారూ, నిటారుగా కోస్తే ఆ అంచే కొత్త కాయ కాయిస్తుంది. లోతు మీ బరువుని బట్టి, అట్ట మెత్తదనాన్ని బట్టి మారుతుంది, చూడకుండా చెప్పలేను. అట్ట చేతికొచ్చాక ఆనెకాయ మీద లిప్‌స్టిక్ చుక్క పెట్టి, అట్ట మీద ఒకసారి నిలబడి చూడండి. మరక గుంట మధ్యలో పడాలి. అంచు మీద పడితే వేసుకోకుండా వెనక్కి ఇచ్చి సరిచేయించండి.